ఇంటి నిండా స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఇరుకు తగ్గించుకునే క్రమం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంది. మూడేళ్లుగా ఒక్కొక్కటే కొంటూ పోగా ఇంట్లో చేరిన సామాను లెక్క వేస్తే వైఫై బల్బులు 14, ప్లగ్గులు 9, తలుపులకు పెట్టిన, జిగ్బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే సెన్సర్లు 6, కెమెరాలు 2 తేలాయి. టీవీ, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు వీటికి అదనం. పగటిపూట అన్నీ చెప్పినట్టు వినేవి. రాత్రి ఏడు దాటాక మాత్రం వంటింటి బల్బు యాప్‌లో Offline అని కనిపించేది, గీజర్ ప్లగ్గు మూడోసారి నొక్కితే గాని పలికేది కాదు. బల్బులు ఎక్కువైపోయాయన్న నమ్మకంతో నేను ముందుగా ఖరీదైన కొత్త రౌటర్ కొన్నాను. సాయంత్రాలు ఏమీ మారలేదు. కొలతలు తీసుకోవడం ఆ తర్వాతే మొదలైంది. రౌటర్ కొనకముందే చేయవలసిన ఆ పనిని, చేయవలసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా తెలియవలసిన ఒక్క లెక్క

ఈ బల్బులు, ప్లగ్గులు మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అనే రేడియో తరంగాల పట్టీలో. ఆ పట్టీలోని భాగాలే ఛానెళ్లు. ఒక వైఫై ఛానెల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మిగిలినవారు విని, ఖాళీ దొరికినప్పుడు తమ వంతు తీసుకుంటారు. కాబట్టి ఛానెల్ నిండిందా లేదా అన్నది పరికరాల సంఖ్యను బట్టి తేలదు, ఒక్కొక్కటి ఎంతసేపు గాలిని పట్టుకుని ఉంటోందన్న దాన్ని బట్టి తేలుతుంది. దీన్నే ఎయిర్‌టైమ్ అంటారు.

మా బల్బులు, ప్లగ్గులు కలిపి 23. ప్రతి ఒక్కటీ పది సెకన్లకు ఒక చిన్న సందేశం పంపి, ఒక జవాబు అందుకుంటుందనుకుందాం. అన్నీ అత్యంత నెమ్మదైన 1 ఎంబీపీఎస్ వేగంతోనే మాట్లాడినా ఒక్కో సందేశానికి ఒకటిన్నర మిల్లీసెకన్లు పడుతుంది. 46 సందేశాలకు 69 మిల్లీసెకన్లు, అంటే పది సెకన్లలో ఒక శాతం కూడా కాదు. అదే వెనుక బాల్కనీ కెమెరా సంగతి చూడండి. అది రోజంతా 1.5 ఎంబీపీఎస్ వీడియో పంపుతుంది. రెండు కాంక్రీటు గోడల అవతల సిగ్నల్ బలహీనపడి దాని వేగం 6.5 ఎంబీపీఎస్‌కు పడిపోతే, ఆ ఒక్క కెమెరాయే ఛానెల్ సమయంలో నాలుగో వంతు తినేస్తుంది. దాన్ని రౌటర్‌కు దగ్గరగా తెచ్చి 65 ఎంబీపీఎస్‌తో మాట్లాడేలా చేస్తే అదే వీడియో నాలుగైదు శాతంలో సర్దుకుంటుంది. నేను నెలల తరబడి బల్బులను తిట్టుకున్నాను గాని, నిజంగా చోటు ఆక్రమించింది కెమెరా. బల్బులు చేసిన పాపం ఆ ఇరుకులో తమ వంతు రాక మూగబోవడమే.

మొదటి మెట్టు: ఇది నిజంగా ఇరుకేనా?

ఇరుకులా కనిపించే ఇతర కారణాలు రెండున్నాయి, వాటిని ముందు పక్కన పెట్టాలి. మొదటిది, ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే రౌటర్లలో కొన్ని ఒక బ్యాండ్‌లో 32 పరికరాలకు మించి అనుమతించవు. అలాంటప్పుడు కొత్తగా వచ్చినది చేరదు, లేదా అది చేరగానే మరొకటి ఊడిపోతుంది, అదీ పగలూ రాత్రీ తేడా లేకుండా. రెండవది, రౌటర్ పంచే ఐపీ చిరునామాల శ్రేణి చిన్నదై, చిరునామాలు అయిపోవడం. ఈ రెండూ రౌటర్ సెట్టింగుల పేజీలో కనిపించే అంకెలే, చూసి సరిచేయవచ్చు. ఇరుకు లక్షణం వేరు. అది వేళను బట్టి వస్తుంది, పోతుంది.

తేల్చుకోవడానికి విండోస్ ల్యాప్‌టాప్‌ను 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుని, ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి ఈ ఆదేశం ఇవ్వండి. చిరునామా మీ రౌటర్‌దై ఉండాలి.

```
ping -n 100 192.168.1.1
```

మా ఇంట్లో ఉదయం జవాబులు మూడు నాలుగు మిల్లీసెకన్లలో వచ్చాయి, వందకు వంద. రాత్రి అవే జవాబులు 40 నుంచి 180 మధ్య ఊగాయి, ఆరు అసలు రాలేదు. పక్కనే ఉన్న రౌటర్‌కు సందేశం చేరి తిరిగి రావడానికి ఇంత సమయం పడుతోందంటే ఇంటర్నెట్ సంస్థకు దానితో సంబంధం లేదు, గాలి నిండి ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదే పరీక్షను బల్బు చిరునామాతో చేస్తే అంకెలు చూసి కంగారు పడకూడదు. ఈ చవక చిప్‌లు విద్యుత్తు ఆదా కోసం మధ్యమధ్య కునుకు తీస్తాయి కాబట్టి వంద, రెండు వందల మిల్లీసెకన్లు వాటికి మామూలే. బల్బు విషయంలో ఆలస్యాన్ని కాదు, రాని జవాబులను లెక్కపెట్టాలి.

రెండవ మెట్టు: చుట్టూ ఎవరు మాట్లాడుతున్నారో వినడం

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం చుట్టుపక్కల వైఫైలను, వాటి ఛానెళ్లను, సిగ్నల్ శాతాన్ని చూపుతుంది. కొత్త విండోస్‌లో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే ఇది పనిచేయదు.

```
netsh wlan show networks mode=bssid
```

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా ఇదే పని చేసి, బొమ్మ గీసి చూపుతుంది. రాత్రి వేళ హాల్లో ఒకసారి, వంటింట్లో ఒకసారి చూసి కాగితం మీద రాసుకోండి. నాకు కనిపించినవి 17. ఛానెల్ 6లో ఏడు, ఛానెల్ 1లో ఐదు, 11లో నాలుగు, వీటికి తోడు పై అంతస్తు నుంచి బలంగా వినిపిస్తున్న ఒకటి ఛానెల్ 9లో, అదీ 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో. మా రౌటర్ ఛానెల్ 6లో ఉంది.

ఈ అంకెల వెనుక కథ ఇది. ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ ఒక్కో వైఫైకి 20 మెగాహెర్ట్జ్ చోటు కావాలి. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 అనే మూడే. ఒకే ఛానెల్‌లో ఉన్న రెండు రౌటర్లు ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకుని వంతులు పాటిస్తాయి. 9లో ఉన్నది మాత్రం 6లో వారికీ 11లో వారికీ అర్థం కాని రొదగానే వినిపిస్తుంది, ఇద్దరి సందేశాలూ చెడతాయి, మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. పైగా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు అంటే ఈ బ్యాండ్‌లో దాదాపు సగం.

పైఅంతస్తు వారింట్లో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. నేను కాగితం పట్టుకుని వెళ్లి, "మాస్టారూ, మీ రౌటర్ సెట్టింగు ఒక్కసారి చూడనిస్తారా? మీకూ మాకూ ఇద్దరికీ లాభమే" అన్నాను. ఆయన కాగితం తీసుకుని రెండు నిమిషాలు చూసి, "అంటే ఇద్దరి మధ్య గట్టు మీద కూర్చున్నది నేనేనన్నమాట. సరే, మార్చెయ్ బాబూ" అన్నారు. 9 నుంచి 11కు, 40 నుంచి 20కి మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను కొన్న కొత్త రౌటర్ ఇవ్వని ఫలితాన్ని ఆ ఐదు నిమిషాలు ఇచ్చాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి నా మొదటి సలహా పొరుగువారి తలుపు తట్టమనే.

మూడవ మెట్టు: ఛానెల్‌ను ఎంచి, కట్టేయడం

రౌటర్ పేజీలో 2.4 గిగాహెర్ట్జ్ భాగంలో వెడల్పును 20 MHz చేయండి, ఛానెల్‌ను Auto నుంచి తప్పించి 1, 6, 11లలో ఒకటి పెట్టండి. Auto ఎందుకు వద్దంటే, రౌటర్ ఛానెల్ మార్చిన ప్రతిసారీ బల్బులన్నీ తెగి మళ్లీ వెతుక్కుంటాయి, వాటిలో ఒకటో రెండో దారి తప్పుతాయి. మన దేశంలో 12, 13 ఛానెళ్లు కూడా వాడవచ్చు గాని, ఇతర దేశాల అమరికతో తయారైన కొన్ని బల్బులకు అవి కనిపించవు. ఫోన్ కలుస్తుంది, బల్బు కలవదు, కారణం తెలియక తల పట్టుకుంటాం.

ఎన్ని వైఫైలు ఉన్నాయన్న దానికంటే ఎంత బలంగా ఉన్నాయన్నది చూడాలి. ఛానెల్ 1లో ఐదున్నా అన్నీ ఎదుటి భవనం నుంచి నీరసంగా వస్తున్నవే. 11లో నాలుగే ఉన్నా ఇప్పుడు మాస్టారిది అందులో చేరింది. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా సుమారు 2450 మెగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తుంది, అది 6కూ 11కూ మధ్య భాగం. అందువల్ల నేను 1 ఎంచుకున్నాను. ఆ రాత్రి నుంచి బల్బులు బాగున్నాయి, తలుపు సెన్సర్లు మాత్రం పడిపోయాయి. ఆ సంగతి ఐదవ మెట్టులో చెబుతాను.

నాలుగవ మెట్టు: ఎక్కువ మాట్లాడేవాటిని ఇక్కడి నుంచి పంపించడం

అసలు లాభం ఇక్కడే ఉంది. 5 గిగాహెర్ట్జ్ పట్టగలిగిన ప్రతిదీ, అంటే టీవీ, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, అక్కడికి వెళ్లాలి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ఎవరు ఎక్కడున్నారో మన చేతిలో ఉండదు. రౌటర్‌లో Smart Connect వంటి పేరుతో ఉండే కలగలుపు అమరికను ఆపి, రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. పాత పేరును 2.4కే ఉంచి, 5కు కొత్త పేరు ఇస్తే బల్బులను మళ్లీ మొదటి నుంచి కలపవలసిన పని తప్పుతుంది. మార్చుకోవలసినవి ఫోన్లు, టీవీ మాత్రమే. ఈ చిన్న ఉపాయం తెలియక నేను 23 పరికరాలను స్టూలెక్కి ఒక్కొక్కటే తిరిగి కలిపాను, ఒక ఆదివారం అందులోనే పోయింది. 2.4 పేరుకు భద్రత WPA2గానే ఉంచండి, WPA3 పెడితే పాత బల్బులు చాలావరకు చేరవు.

కెమెరాల విషయంలో మూడు దారులున్నాయి. 5 గిగాహెర్ట్జ్ ఉంటే అటు మార్చడం, తీగ పెట్టుకునే చోటుంటే తీగ వేయడం, ఏదీ కుదరకపోతే రౌటర్‌ను దానికి దగ్గర చేయడం. మా హాలు కెమెరా 5 పట్టింది. వెనుక బాల్కనీ కెమెరాకు ఆ సౌకర్యం లేదు. మా రౌటర్ అప్పటిదాకా గుమ్మం పక్కన, చెప్పుల అలమార మీద, ఇనుప కరెంటు మీటరు పెట్టెను ఆనుకుని ఉండేది, ఎందుకంటే ఫైబర్ తీగ అక్కడికే వచ్చింది. పది మీటర్ల తీగ కొని రౌటర్‌ను ఇంటి నడుమ, భోజనాల బల్ల పైన గోడకు ఎక్కించాను. బాల్కనీ కెమెరా సిగ్నల్ మైనస్ 81 నుంచి మైనస్ 66కు వచ్చింది. సిగ్నల్ అంకె కొన్ని యాప్‌లలో పరికరం సమాచారంలోనూ, కొన్ని రౌటర్లలో పరికరాల జాబితాలోనూ కనిపిస్తుంది. మైనస్ 70 కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింత, మైనస్ 80 కంటే దిగజారితే ఆ పరికరం తనకే కాక అందరికీ భారం.

రౌటర్ శక్తిని పెంచితే పోదా అని అడుగుతారు. రౌటర్ గొంతు పెరుగుతుంది గాని బల్బు గొంతు పెరగదు. లోహపు హోల్డరులో ఇరుక్కున్న చిన్న యాంటెన్నాతో అది ఇచ్చే జవాబు రౌటర్‌కు వినపడకపోతే, రౌటర్ ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. అలాగే తీగ లేని రిపీటర్ జోలికి పోకండి. ప్రతి సందేశాన్నీ అదే ఛానెల్‌లో రెండోసారి పలుకుతుంది కాబట్టి ఇరుకు పెరుగుతుంది. రెండవ యాక్సెస్ పాయింట్ అవసరమైతే దాన్ని తీగతో కలిపి, వేరే ఛానెల్‌లో పెట్టండి.

ఇదే పేజీలో ఉండగా అతిథుల కోసం పెట్టిన అదనపు వైఫై పేరు ఉంటే తీసేయండి. ప్రతి పేరూ సెకనుకు దాదాపు పది సార్లు "నేనున్నాను" అని చాటుకుంటుంది, ఆ చాటింపు సాధారణంగా 1 ఎంబీపీఎస్‌లో జరుగుతుంది, ఒక్కోటి రెండు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంటే ఎవరూ వాడకపోయినా ఒక్కో పేరుకు రెండు శాతానికి పైగా సమయం పోతుంది. రౌటర్‌లో b/g/n అన్నదాన్ని g/n చేసే వీలుంటే ఈ చాటింపులు 6 ఎంబీపీఎస్‌కు మారి, పట్టే సమయం బాగా తగ్గుతుంది. మార్చాక అన్ని పరికరాలూ తిరిగి వచ్చాయో లేదో ఒక రోజు చూడండి. మరీ పాతది ఏదైనా రాకపోతే వెనక్కి మార్చుకోవచ్చు.

ఐదవ మెట్టు: జిగ్బీకి చోటు చూపడం

జిగ్బీ సెన్సర్లు వైఫై కావు గాని, అవీ ఈ బ్యాండ్‌లోనే బతుకుతాయి. వాటి ఛానెళ్లకు 11 నుంచి 26 దాకా వేరే సంఖ్యలు ఉంటాయి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. జిగ్బీ 11 అంటే వైఫై 11 కాదు. జిగ్బీ 11 నడిమి స్థానం 2405 మెగాహెర్ట్జ్, అక్కడి నుంచి ఒక్కో ఛానెల్‌కు 5 పెరుగుతుంది. వైఫై 1 ఆక్రమించేది 2402 నుంచి 2422 వరకు. అంటే నేను వైఫైని 1కి మార్చిన రాత్రి, మొదటి నుంచి 11లో ఉన్న నా సెన్సర్ల నెత్తిన దాన్ని కుదేశాను. గుమ్మం తలుపు తెరిచినా దీపం వెలగలేదు. రెండు రోజులు బ్యాటరీలు మార్చుతూ గడిపాక గాని ఈ లెక్క తట్టలేదు.

వైఫైలు 1, 6, 11లలోనే ఉన్నప్పుడు జిగ్బీకి మిగిలే సందులు మూడు. 15వ ఛానెల్ 2425 దగ్గర, అంటే వైఫై 1కీ 6కూ మధ్య. 20వది 2450 దగ్గర, 6కూ 11కూ మధ్య. 25వది 2475 దగ్గర, 11కు అవతల. మొదటి రెండు సందులు సన్ననివి, 20కి మైక్రోవేవ్ బెడద కూడా ఉంది. చుట్టుపక్కల 12, 13లలో ఎవరూ లేకపోతే 25 ఉత్తమం. 26 ఇంకా ఖాళీగా ఉంటుంది కానీ చాలా పరికరాలు అక్కడ తక్కువ శక్తితో పలుకుతాయి, కొన్ని అసలు చేరవు. నేను ఈ సెన్సర్లను నడిపే హబ్ సెట్టింగులో 25కు మార్చాను. ఆరింటిలో నాలుగు సెన్సర్లు గంటల్లో వాటంతట అవే వచ్చాయి. నిద్రలో ఉండి మార్పు కబురు వినని రెండింటిని మళ్లీ జత చేయవలసి వచ్చింది.

కంప్యూటర్‌కు యూఎస్‌బీ జిగ్బీ స్టిక్ వాడేవారు దాన్ని నేరుగా నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చకూడదు. ఆ పోర్టు, దానికి తగిలించిన హార్డ్ డిస్కు ఈ బ్యాండ్‌లోనే రొద చేస్తాయి. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో స్టిక్‌ను దూరంగా జరిపితే సరిపోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు

మా వైపు గాలివానల రోజుల్లో ఇది తరచూ జరిగేదే. కరెంటు రాగానే 23 పరికరాలు ఒక్కసారిగా రౌటర్ కోసం వెతుకుతాయి, రౌటర్ ఇంకా లేస్తూనే ఉంటుంది. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చి, బల్బులు లేచేసరికి అది సిద్ధంగా ఉండేలా చేస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. ఒకటి రెండు పరికరాలు అప్పటికీ రాకపోతే పది నిమిషాలు ఆగండి. ఆత్రంగా రౌటర్‌ను ఆపి వేస్తే తోపులాట మొదటికొస్తుంది.

మళ్లీ కొలవడం

అన్నీ అయ్యాక అదే గదిలో, అదే రాత్రి ఎనిమిదిన్నరకు, అదే ఆదేశం ఇచ్చాను. జవాబులు 4 నుంచి 25 మిల్లీసెకన్ల మధ్య వచ్చాయి, వందలో ఒకటి పోయింది. బల్బులు ఒక్కటీ తగ్గలేదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒక్కో మెట్టు తర్వాత ఒక రాత్రి ఆగి కొలుచుకోవడం మంచిది.

లొంగనిది ఒకటి మిగిలింది. స్నానాల గదిలో గీజర్ ప్లగ్గు. చుట్టూ పలకలు, గోడలో నీళ్ల గొట్టాలు, పక్కనే లోహపు గీజర్. సిగ్నల్ మైనస్ 78 దగ్గరే ఆగిపోయింది, వారానికి ఒకసారైనా తెగుతుంది. దాని కోసం మరో యాక్సెస్ పాయింట్ పెట్టడం దండగనిపించి, తెల్లవారుజామున ఐదున్నరకు వెలిగి ఆరింటికి ఆరే షెడ్యూలును ప్లగ్గులోనే నిలిచేలా పెట్టాను. ఒకసారి అందులోకి ఎక్కాక వైఫై లేకపోయినా అది నడుస్తుంది. రాత్రి కరెంటు పోయి వస్తే మాత్రం దానికి సరైన సమయం తెలియాలంటే మళ్లీ వైఫై అందాలి, అందుకే గోడ స్విచ్చును ఉన్నచోటనే ఉంచాను.